డిటెక్టర్ 91% ఫేక్ అంది, గొంతు మాత్రం నిజమే: వాయిస్ క్లోన్‌లను పట్టే టూల్స్ ఎక్కడ బోల్తా పడుతున్నాయి?

మొన్న వేసవిలో ఒక సాయంత్రం ఖమ్మం నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, నీకొక వాయిస్ పంపించా, విను. అది మనవాడి గొంతేనా కాదా చెప్పు" అన్నాడు. వాట్సాప్ తెరిస్తే 14 సెకన్ల వాయిస్ నోట్. ఎవరిదో తెలియని నంబర్ నుంచి బాబాయ్‌కి వచ్చింది, ఆయన నాకు ఫార్వర్డ్ చేశాడు. "నాన్నా, నా ఫోన్ పోయింది, ఇది పక్కనున్న ఫ్రెండ్ నంబర్, అర్జెంట్‌గా దీనికే ఎనిమిది వేలు ఫోన్‌పే చెయ్యి" అని ఉంది.

మోసగాళ్లు వాడే స్క్రిప్టు అచ్చం ఇలాగే ఉంటుంది కదా? కొత్త నంబర్, పోయిన ఫోన్, అర్జెంటు, డబ్బు. పైగా గొంతు ఏదో తేడాగా ఉంది. మాటకీ మాటకీ మధ్య శూన్యం, వెనకాల ఏ శబ్దమూ లేదు. బాబాయ్ కూడా "వాడిలాగే ఉంది గానీ వాడిలా లేదురా" అన్నాడు. నేను గ్యాడ్జెట్ల మీద రాసేవాణ్ని కాబట్టి వెంటనే ఒక ఫ్రీ డిటెక్టర్ సైట్‌లో ఆ ఫైల్ పెట్టా. ఎర్ర రంగులో 91% సింథటిక్ అని వచ్చింది. "పంపకు బాబాయ్, అది ఏఐ గొంతు" అని చెప్పేశా.

రాత్రి పదకొండింటికి తెలిసింది, అది నిజంగా వాడేనని. నాగ్‌పూర్ స్టేషన్‌లో బ్యాగూ ఫోనూ పోగొట్టుకుని, రైల్లో పరిచయమైన కుర్రాడి ఫోన్ నుంచి, వాడి ఇయర్‌బడ్స్ పెట్టుకుని మాట్లాడాడు. సొంత తండ్రి డబ్బు పంపలేదు సరికదా, ఆ నంబర్‌ను బ్లాక్ కూడా చేశాడు. నా మాట విని.

ఏఐ గొంతుతో మోసపోయిన వాళ్ల గురించి రోజూ చదువుతూనే ఉన్నాం. నిజం గొంతును ఫేక్ అనేస్తే ఏమవుతుందో ఎవరూ పెద్దగా రాయరు. ఆ 91% ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఆ తర్వాత చాలా రోజులు దీని వెనకే పడ్డా.

క్లోన్ గొంతు మీద మిగిలిపోయే వేలిముద్ర

ముందు క్లోన్ ఎలా తయారవుతుందో చూద్దాం, ఎందుకంటే డిటెక్టర్ వెతికేది ఆ తయారీలో మిగిలిపోయే గుర్తులనే. చాలా టెక్స్ట్-టు-స్పీచ్ సిస్టమ్స్‌లో పని రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశ మీరు ఇచ్చిన వాక్యాన్నీ, శాంపిల్ గొంతునూ తీసుకుని మెల్ స్పెక్ట్రోగ్రామ్ అనే ఒక పటం గీస్తుంది. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చెప్పే పటం అది. సాధారణంగా ఒక్కో నిలువు గీతలో 80 అంకెలు, దాదాపు 12 మిల్లీసెకన్లకు ఒక గీత. అంటే ఆ కొద్ది క్షణంలో ఉన్న 256 శాంపిళ్ల శబ్దం కాస్తా 80 అంకెలకు కుదించుకుపోయిందన్నమాట.

ఈ పటంలో ఒక ముఖ్యమైన సంగతి ఉండదు. అదే ఫేజ్, అంటే ఒక్కో తరంగం సరిగ్గా ఏ బిందువు దగ్గర మొదలైందనే లెక్క. రెండో దశలో వోకోడర్ అనే ఇంకో మోడల్ వచ్చి, ఆ 80 అంకెల నుంచి మళ్లీ 256 శాంపిళ్లు తయారు చేయాలి. లేని ఫేజ్‌ను ఊహించి మరీ నింపాలి. బాగా పేరున్న హైఫై-గ్యాన్ అనే వోకోడర్‌నే తీసుకోండి. అది ఈ సాగదీతను 8, 8, 2, 2 రెట్లు చొప్పున నాలుగు అంచెల్లో చేస్తుంది. ప్రతి అంచెలోనూ ఒకే లెక్క పదే పదే నడుస్తుంది కాబట్టి, గుడ్డ మీద నేత గీతల్లాగా శబ్దంలో సన్నని, క్రమం తప్పని జాడలు మిగులుతాయి. మన చెవికి అవి అందవు. అవి ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో, మన మాటల అసలు శక్తి తక్కువగా ఉండే చోట బయటపడతాయి. మనిషి గొంతులో 'స', 'ష' లాంటి శబ్దాలు అక్కడ ఇసుక చల్లినట్టు చిందరవందరగా ఉంటాయి. పాత వోకోడర్ల ఇసుకలో మాత్రం చారలు కనిపిస్తాయి.

డిటెక్టర్‌కు ఈ నియమాలేవీ ఎవరూ చేత్తో రాసి ఇవ్వరు. వేల నిజం క్లిప్పులు, వేల ఫేక్ క్లిప్పులు చూపించి, తేడా నువ్వే కనిపెట్టుకో అంటారు. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

పరీక్షలో పాసైంది, పాఠం మాత్రం నేర్చుకోలేదు

ఈ రంగంలో అందరూ వాడే పరీక్ష పేరు ఏఎస్‌వీస్పూఫ్. 2015 నుంచి జరుగుతోంది. 2019 నాటి డేటాలో 19 రకాల ఫేక్ తయారీ పద్ధతులున్నాయి. నిజం గొంతులన్నీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లవి, నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేసినవి. ఏళ్లపాటు కొత్త మోడల్ ఏది వచ్చినా ఈ డేటా మీదే ట్రెయిన్ చేసి, ఇంత తక్కువ తప్పులు చేశాం అని పేపర్లు రాశారు.

2021లో నికొలస్ ముల్లర్, ఆయన తోటి పరిశోధకులు ఒక కొంటె ప్రయోగం చేశారు. గొంతును అసలు వినకుండా, ప్రతి క్లిప్ మొదట్లో మాట మొదలయ్యేలోపు ఎంతసేపు నిశ్శబ్దం ఉందన్న ఒక్క అంకెనే మోడల్‌కు ఇచ్చారు. అంతే. అది దాదాపు 85% సార్లు నిజం-ఫేక్ సరిగ్గా చెప్పేసింది! కారణం చాలా చిన్నది. మనిషి మైక్ ముందు కూర్చుంటే బటన్ నొక్కాక ఒక క్షణం ఆగి మొదలుపెడతాడు. చాలా టీటీఎస్ సిస్టమ్స్‌కు ఆ ఆగడం తెలియదు. ఆ డేటాలో ఫేక్ క్లిప్పుల మొదట్లో నిశ్శబ్దం తక్కువ. మరి పేరున్న మోడళ్ల సంగతేంటి? క్లిప్పుల మొదటి నిశ్శబ్దాన్ని కత్తిరించి ఇస్తే వాటి పనితీరు కూడా బాగా పడిపోయింది. గొంతులో తేడా వింటున్నాయని మనం అనుకున్న మోడళ్లు, కొంతవరకు గడియారం చూసుకుంటున్నాయన్నమాట.

అదే బృందం 2022లో ఇంకో పని చేసింది. ల్యాబ్ డేటా పక్కన పెట్టి, ఇంటర్నెట్‌లో తిరుగుతున్న సెలబ్రిటీల, రాజకీయ నాయకుల నిజం-ఫేక్ ఆడియో 37.9 గంటలు పోగేసింది. అప్పటిదాకా బాగా మార్కులు తెచ్చుకున్న మోడళ్లను దాని మీద నడిపితే కొన్నింటి పనితీరు 1000% దాకా దిగజారింది. కొన్నయితే కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసిన దానికంటే పెద్ద మెరుగ్గా లేవు. ఇప్పటి మోడళ్లు అప్పటికంటే చాలా ముందుకొచ్చాయి. లక్షల గంటల మాటలు ముందే విన్న వేవ్2వెక్ లాంటి పెద్ద మోడళ్ల మీద వాటిని కడుతున్నారు. కానీ ఫ్రీ సైట్ల వెనకాల ఏ మోడల్ ఉందో, దేని మీద ట్రెయిన్ చేశారో ఎక్కడా రాసి ఉండదు. నేను వాడిన సైట్‌లోనూ లేదు.

ఇక మా బాబాయ్ ఫైల్ సంగతి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ వాయిస్ నోట్ PTT అని మొదలయ్యే పేరుతో .opus ఫైల్‌గా సేవ్ అవుతుంది. ల్యాప్‌టాప్‌లో ffmpeg ఉంటే దాని పటం మీరే గీసుకోవచ్చు:

```
ffmpeg -i voice.opus -lavfi showspectrumpic=s=1200x600:legend=1 spec.png
```

బాబాయ్ పంపిన క్లిప్ పటం చూస్తే రెండు విషయాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. మొదటిది, 4 కిలోహెర్ట్జ్ దాటాక పైనంతా చీకటి. కత్తితో కోసినట్టు అడ్డంగా ఒక గీత, దాని పైన ఏమీ లేదు. రెండోది, మాటల మధ్య ఖాళీలు పూర్తిగా నల్లగా ఉన్నాయి. అది నాగ్‌పూర్ ప్లాట్‌ఫాం. టీ అమ్మేవాళ్లు, అనౌన్స్‌మెంట్లు, జనం. అవన్నీ ఎక్కడికి పోయాయి?

రెండింటికీ జవాబు ఆ ఇయర్‌బడ్స్‌లోనే ఉంది. బ్లూటూత్‌లో పాటలు వినేటప్పుడు ఒక దారి, మైక్ వాడేటప్పుడు ఇంకో దారి. మైక్ ఆన్ కాగానే చాలా బడ్స్ హ్యాండ్స్-ఫ్రీ ప్రొఫైల్‌కు మారతాయి. అందులో పాత కోడెక్ సీవీఎస్‌డీ అయితే సెకనుకు 8,000 శాంపిళ్లే. అంటే 4 కిలోహెర్ట్జ్ పైన శబ్దం మిగలదు. కాస్త కొత్తవైన ఎంఎస్‌బీసీ వాడే బడ్స్‌లో 16,000 శాంపిళ్లు, 8 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. దీని మీద ఈఎన్‌సీ అని బాక్స్ మీద పెద్దక్షరాల్లో రాసే నాయిస్ తగ్గింపు ఒకటి. ఇప్పుడు చాలా వాటిలో ఆ పని చేసేదీ న్యూరల్ నెట్‌వర్కే. మాట కానిదాన్నంతా తుడిచేస్తుంది, తుడుస్తూ తుడుస్తూ మాట అంచులు కూడా కాస్త చెరిపేస్తుంది. రివ్యూల్లో మేమే "మైక్ క్వాలిటీ సూపర్, ట్రాఫిక్ అసలు వినపడలేదు" అని మార్కులేస్తాం. డిటెక్టర్ దృష్టిలో ఆ క్వాలిటీయే అనుమానం.

అనుమానం నిజమో కాదో చూద్దామని మా వీధి చివర మెయిన్ రోడ్డు మీద నిలబడి అదే వాక్యం రెండుసార్లు రికార్డు చేశా. ఒకసారి నేరుగా ఫోన్ మైక్‌తో, ఇంకోసారి చవక బడ్స్‌తో. రెండూ నా గొంతే, రెండూ నిజమే. అదే సైట్ ఫోన్ మైక్ క్లిప్‌ను మనిషి అంది, బడ్స్ క్లిప్‌ను సింథటిక్ అంది. తర్వాత బడ్స్ క్లిప్‌లో మొదటి రెండు సెకన్లు కత్తిరించి పెడితే స్కోరు మళ్లీ మారింది. ఈ రంగంలో పేరున్న కొన్ని మోడళ్లు ఒకసారికి దాదాపు 4 సెకన్ల ముక్కనే చూస్తాయి. ఏ నాలుగు సెకన్లు దానికి దొరికాయన్న దాన్ని బట్టి కూడా తీర్పు మారొచ్చు. ఒక సైట్ మీద ఒక మనిషి చేసిన ప్రయోగం ఇది, దీన్నుంచి శాతాలు లెక్కగట్టకండి. కానీ ఆ 91 అనే అంకెను నేను అంత గట్టిగా నమ్మి ఉండాల్సింది కాదని మాత్రం తేలిపోయింది.

ఆ అంకె గురించి ఇంకొక్క మాట. 91% అంటే ఇలాంటి క్లిప్పులు వందలో 91 ఫేక్ అని కాదు. మోడల్ చివరి పొరలో వచ్చిన స్కోరును సున్నాకీ వందకీ మధ్య సర్దితే వచ్చిన అంకె అది. ఎప్పుడూ చూడని రకం ఆడియో ఇచ్చినా "నాకు తెలియదు" అనడం చాలా మోడళ్లకు రాదు. అంతే ధీమాగా తప్పు చెబుతాయి.

ఫోన్ కాల్ అయితే ఇంకా కష్టం

బడ్స్ నిజాన్ని ఫేక్‌లా మార్చితే, ఫోన్ నెట్‌వర్క్ ఫేక్‌ను నిజంలా మార్చగలదు. మీ సొంత గొంతును క్లోన్ చేసిన ఫైల్ ఏదైనా ఉంటే ఇలా చేసి చూడండి:

```
ffmpeg -i clone.wav -ac 1 -ar 8000 -c:a pcm_alaw phone.wav
```

మామూలు ఫోన్ లైన్ చేసే పని దాదాపు ఇదే. 4 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా కోసేస్తుంది. వోకోడర్ జాడలు ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే కదా? వేలిముద్రలున్న అద్దం ముక్కే తీసి పారేసినట్టు. వోఎల్‌టీఈ కాల్‌లో ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ ఉంటే 7 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది గానీ, మధ్యలో ఎక్కడైనా పాత నెట్‌వర్క్ తగిలితే మళ్లీ 3.4 దగ్గరికే పడిపోతుంది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. మొబైల్ కాల్‌లో మీ గొంతు తరంగం యథాతథంగా అవతలికి వెళ్లదు. ఏఎంఆర్ కోడెక్ మీ మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మీ నోరు, గొంతు నాళం ఏ ఆకారంలో ఉన్నాయో ఒక గణిత నమూనాగా, లోపలి కంపనాన్ని ఒక కోడ్‌బుక్‌లోని నంబర్లుగా మార్చి పంపుతుంది. 12.2 కేబీపీఎస్ మోడ్‌లో ఒక్కో ముక్కకు 244 బిట్లు. అవతలి ఫోన్ ఆ నంబర్లు చూసుకుని మీ గొంతును మళ్లీ కొత్తగా తయారు చేస్తుంది. ఒక రకంగా, మనం పాతికేళ్లుగా ఫోన్‌లో వింటున్నది మెషీన్ తిరిగి కట్టిన గొంతే. డిటెక్టర్‌ను మనం అడుగుతున్నది మెషీన్ గొంతా మనిషి గొంతా అని కాదు, ఈ మెషీన్ గొంతుకు వెనక మనిషి ఉన్నాడా ఇంకో మెషీన్ ఉందా అని.

అయినా ఫోన్ కాల్‌లో క్లోన్‌ను పట్టిన కేసు ఒకటుంది. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ ప్రైమరీ ఎన్నికలకు రెండు రోజుల ముందు, బైడెన్ గొంతుతో ఓటర్లకు రోబోకాల్స్ వెళ్లాయి, మీ ఓటును నవంబర్‌కు దాచుకోండి అని. పిన్‌డ్రాప్ అనే కంపెనీ ఆ రికార్డింగ్‌ను తీసుకుని, మాట కాని భాగాలు తీసేసి, పావు సెకను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను తన దగ్గరున్న వందకు పైగా టీటీఎస్ ఇంజిన్ల ఆనవాళ్లతో పోల్చింది. ఎలెవన్‌ల్యాబ్స్ ఇంజిన్‌తో చేసి ఉండొచ్చని చెప్పింది. ఆ కాల్స్ వెనకున్న రాజకీయ కన్సల్టెంట్‌కు అక్కడి ఎఫ్‌సీసీ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

ఇది గెలుపే, కాదనను. కానీ ఎందుకు గెలిచిందో చూడండి. వాడిన ఇంజిన్ అందరికీ తెలిసినదే, దాని నమూనాలు కంపెనీ దగ్గర ముందే ఉన్నాయి. పైగా అది బైడెన్ కాదని తేల్చుకోవడానికి గంటల కొద్దీ అసలు బైడెన్ ఆడియో ఉంది, నిపుణులకు టైమూ ఉంది. రేపు ఎవరో ఓపెన్ సోర్స్ మోడల్‌ను ఇంట్లో కూర్చుని కాస్త మార్చి వాడితే, ఆ వేలిముద్ర ఏ రికార్డులోనూ ఉండదు. మా బాబాయ్ కేసులో అయితే నిపుణుల్లేరు, ఇంజిన్ల లిస్టు లేదు, 14 సెకన్లు, ఒక ఫ్రీ సైట్ ఉన్నాయి.

చెవులను నమ్ముకుంటే?

లండన్ యూసీఎల్ పరిశోధకులు 2023లో 529 మందికి ఇంగ్లిష్, మాండరిన్ క్లిప్పులు వినిపించి చూశారు. ఫేక్‌ను గుర్తుపట్టింది 73% సార్లు. అప్పటి ఫేక్‌లు ఇప్పటివంత బాగా లేవు కూడా. తెలుగు విషయంలో మనకు కొంచెం లాభం ఉన్న మాట నిజం. మనం 'చాలు', 'చూడు' అనేటప్పుడు పలికే చకారం 'ట్స'కు దగ్గరగా ఉంటుంది, 'చెప్పు'లో చకారం వేరు. తెలుగు సరిగ్గా నేర్వని ఇంజిన్లు రెండింటినీ ఒకేలా పలుకుతాయి. 'ళ'ను 'ల' చేస్తాయి, 'మొగుడు'కీ 'మొగ్గు'కీ ఉన్నంత ఒత్తు తేడాను చప్పగా మింగేస్తాయి. ఖమ్మం యాసను తీసుకొచ్చి న్యూస్ రీడర్ తెలుగులో పోస్తాయి. ఇవి వినపడితే అనుమానించడం సబబే. వినపడకపోతే మాత్రం అది నిజమని కాదు, తెలుగు డేటాతో ట్రెయిన్ చేసిన ఇంజిన్ ఈ తప్పులు చేయదు. ఇంకో వైపు, ఫోన్ పోయి, తిండి లేక, భయపడుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతు తండ్రికి కూడా కొత్తగానే వినిపిస్తుంది. "వాడిలా లేదు" అని బాబాయ్ అన్నది అందుకే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మంచి డిటెక్టరే అనుకుందాం, రెండు వైపులా 5% తప్పు. మీకు వచ్చే 1000 వాయిస్ నోట్స్‌లో 10 ఫేక్ అనుకుందాం, ఇదీ ఎక్కువే. ఆ పదిలో దాదాపు అన్నీ దొరుకుతాయి. కానీ మిగతా 990 నిజం క్లిప్పుల్లో 5% అంటే 50 దాకా ఫేక్ అని ఎర్ర జెండా ఎగరేస్తుంది. మొత్తం అరవై అలారాల్లో యాభై మన వాళ్లవే. రోజుకు లక్షల కాల్స్ వచ్చే బ్యాంకు దీన్ని తట్టుకోగలదు, అలారం మోగితే ఇంకో ప్రశ్న అడుగుతుంది, ఓటీపీ పంపుతుంది. ఇంట్లో వాడుకునేవాళ్లు అలారం మోగగానే నంబర్ బ్లాక్ చేస్తారు.

ఆ రోజు నేను చేయాల్సింది చాలా సులభం. ఆ కొత్త నంబర్‌కే వీడియో కాల్ చేయించి, వాడికి మాత్రమే తెలిసిన ఇంటి సంగతి ఒకటి బాబాయ్‌తో అడిగించాలి. లేదా వాడి కాలేజీ స్నేహితుల్లో ఒకరికి ఫోన్ చేసి, వాడు రైలెక్కిన మాట నిజమేనా కనుక్కోవాలి. అయిదు నిమిషాల పని. దానికి బదులు ఫైల్ అప్‌లోడ్ చేశా, ఎందుకంటే నాకు అదే తెలిసిన పని.

వాడు ఇప్పుడు బానే ఉన్నాడు, కొత్త ఫోన్ కొన్నాడు. ఏ బడ్స్ కొనాలని నన్ను అడగలేదు. బాబాయ్ వాళ్లింట్లో అందరూ కలిసి ఒక రహస్యపు మాట పెట్టుకున్నారట, డబ్బు అడిగితే ముందు ఆ మాట చెప్పాలట. ఏం మాట అని అడిగా. "నీకెందుకురా, మళ్లీ ఏ సైట్‌లోనో పెట్టి చూస్తావ్" అన్నాడు.